చావు గురించి పాఠం చెప్పబోయే టీచరు వినకూడని సలహాలు

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పే టీచరు ఒకరు, వేర్వేరు మతాల వాళ్లు చనిపోయినవాళ్లను ఎలా సాగనంపుతారు, ఆ తర్వాత ఏమవుతుందని నమ్ముతారు అనే పాఠం చెప్పాలనుకున్నారనుకోండి. స్టాఫ్ రూములో ఆ మాట ఎత్తగానే సలహాలు మొదలవుతాయి. ఇచ్చేవాళ్లందరూ మంచి మనసున్నవాళ్లే. అయినా ఆ సలహాల్లో చాలావాటిని పాటిస్తే పిల్లలకు నొప్పి కలుగుతుంది, పైగా పాఠం కూడా తప్పవుతుంది. మన మూడు ఊళ్లలో తరచూ వినిపించే అలాంటి సలహాలను ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నిటికన్నా ముందు వచ్చేది ఇది: "పుస్తకం ఎందుకు సార్, పిల్లలనే అడగండి. ఎవరింట్లో చావు జరిగిందో వాళ్లను నిలబెట్టి, ఏం చేశారో చెప్పమనండి. సొంత అనుభవం కాబట్టి బాగా గుర్తుంటుంది."

ఇది వినొద్దు. నలభై మంది ఉన్న క్లాసులో ఎవరింట్లో చావు ఎలా వచ్చిందో టీచరుకు తెలియదు. మన వైపు పల్లెల్లో ముఠా తగాదాల్లో తండ్రిని పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. అప్పులకు భయపడి పురుగుల మందు తాగిన రైతుల ఇళ్లు ఉన్నాయి. 2021లో కరోనా రెండో ఉధృతిలో అమ్మనో నాన్ననో ఆసుపత్రికి పంపి, మళ్లీ ముఖం కూడా చూడలేకపోయిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లోనే చదువుతున్నారు. వాళ్లకు కర్మ జరిగిందా, దినాలు చేశారా అని అడగడమంటే, జరగలేదని నలుగురిలో ఒప్పుకోమనడమే. ముఠా తగాదాల సంగతి ఇంకా కష్టం. చంపినవాళ్ల పిల్లలూ, చచ్చిపోయినవాళ్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉండొచ్చు. "మా నాయన ఎట్లా పోయినాడంటే" అని ఒకడు మొదలుపెడితే దాన్ని ఆపడం టీచరు చేతిలో ఉండదు.

దీనికి మార్గం ఒక్కటే. పాఠంలో పిల్లల ఇంటి చావు రాకూడదు. ఊళ్లో అందరికీ తెలిసిన ఆచారాల గురించి మాట్లాడాలి. "మీ ఇంట్లో ఏం చేశారు?" అనే ప్రశ్న మొత్తం పాఠంలో ఒక్కసారి కూడా రాకూడదు. "ఈ ఊళ్లో ఏం చేస్తారు?" అని అడిగితే, ఇష్టమున్నవాడు తన ఇంటి సంగతి తానే చెప్తాడు, ఇష్టం లేనివాడు ఊరి సంగతి చెప్పి కూర్చుంటాడు. పాఠానికి వారం ముందు క్లాస్ టీచరును విడిగా కలిసి, ఈ ఏడాదిలో ఎవరింట్లో చావు జరిగిందో కనుక్కోండి. ఆ పిల్లలను ఒంటరిగా పిలిచి "బుధవారం ఇట్లాంటి పాఠం ఉంది, నీకు కూర్చోవాలని లేకపోతే లైబ్రరీలో ఉండొచ్చు, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు" అని చెప్పండి. చాలామంది కూర్చుంటామనే అంటారు. కాకపోతే ఆ నిర్ణయం ముందే వాళ్ల చేతిలో ఉండాలి. ఏడిస్తే బయటికి పంపుతామనడం వేరు. అది నలుగురూ చూస్తుండగా జరిగే పని.

రెండో సలహా ఇంకా సులువుగా కనిపిస్తుంది. "బోర్డు మీద మూడు గడులు గీయండి. హిందువులు కాలుస్తారు, ముస్లింలు పూడుస్తారు, క్రైస్తవులు పెట్టెలో పెట్టి పూడుస్తారు. పిల్లలు రాసుకుంటారు, పరీక్షకూ పనికొస్తుంది."

మన జిల్లాలో ఆ గడులు గీసిన మరుక్షణమే తప్పు చెప్పినట్టు. ఒక పిల్లోడు లేచి, "సార్, మా అబ్బను చేన్లోనే పూడ్చినారు. మేము హిందువులం కాదా?" అని అడిగితే ఏం చెప్తారు? కడప జిల్లా పల్లెల్లో రైతు కుటుంబాలు చాలావరకు తమవాళ్లను సొంత పొలంలోనో, ఊరి బొందలగడ్డలోనో పూడ్చడమే వాడుక. చేని గట్టున కట్టిన సమాధులు ఏ దారిలో పోయినా కనిపిస్తాయి. దళిత కుటుంబాల్లోనూ ఎక్కువగా పూడ్చడమే. బ్రాహ్మణులు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధుల్లో ఎక్కువగా కనిపించే వైశ్యులు దహనం చేస్తారు. కాల్చే కులాల్లోనూ పసిపిల్లలు పోతే పూడుస్తారు, సన్యాసులను సమాధి చేస్తారు. జంగాలు, లింగధారులు చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి, చేతిలో ఇష్టలింగం ఉంచి, విభూతి వేసి పూడుస్తారు. ఆ మనిషి లింగంలో ఐక్యమయ్యాడని నమ్ముతారు కాబట్టి, లింగధారుల సంప్రదాయంలో పిండాలకూ తద్దినానికీ పనిలేదు. ఇక మన జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం జీవసమాధి ఉంది. ఆయన శిష్యుడు సిద్ధయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. ఇన్ని రకాలను ఒక గడిలో కుక్కి ‘హిందువులు కాలుస్తారు’ అని రాస్తే, తరగతిలో సగంమంది తమ ఇంటి ఆచారం ఏదో తప్పని అనుకుంటారు.

మిగతా రెండు గడులదీ ఇదే కథ. ముస్లింలలో శవానికి స్నానం చేయించడం, మగవాళ్లకు మూడు బట్టలు, ఆడవాళ్లకు అయిదు బట్టలు కఫన్‌గా చుట్టడం, వంగడం గానీ సజ్దా గానీ లేకుండా నిలబడే చేసే జనాజా నమాజు, ముఖం మక్కా వైపు తిరిగేలా ఖబరులో పడుకోబెట్టడం, ఒక్కొక్కరూ మూడు పిడికిళ్ల మట్టి వేయడం, ఇవి దాదాపు అందరికీ ఒకటే. మక్కా మనకు పడమర దిక్కున ఉంది కాబట్టి, మన ఊళ్ల ఖబ్రస్థాన్లలో తల ఉత్తరానికి ఉంచి ముఖాన్ని పడమటికి తిప్పుతారు. మూడో రోజు జియారత్, నలభైయో రోజు చెహ్లం దగ్గరికి వస్తే మాత్రం ఇళ్లు రెండుగా చీలతాయి. ఫాతిహా చేసి నలుగురికీ అన్నం పెట్టేవాళ్లు ఒకవైపు, అది ప్రవక్త చెప్పినది కాదు కాబట్టి చేయమనేవాళ్లు ఇంకోవైపు. దర్గాకు పోయేవాళ్లు, పోనివాళ్లు అన్నది కూడా దాదాపు ఈ చీలిక వెంటే నడుస్తుంది. క్రైస్తవుల్లో కతోలికులు చనిపోయినవాళ్ల ఆత్మ కోసం పూజ చెప్పిస్తారు, నవంబర్ 2న సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. జమ్మలమడుగుకు లండన్ మిషన్ తెచ్చిన ప్రొటెస్టెంట్ సంప్రదాయంలో పోయినవాళ్ల కోసం ప్రార్థన ఉండదు, ఉన్నవాళ్ల ఓదార్పు కోసం ఆదరణ కూటం ఉంటుంది. పెంతెకొస్తు ఇళ్లలో ఇంకొన్ని తేడాలు.

అందువల్ల గడులను మతం పేరుతో కాకుండా ప్రశ్నలతో మొదలుపెట్టాలి. నాలుగు ప్రశ్నలు చాలు. శరీరాన్ని ఎలా సిద్ధం చేస్తారు? ఎక్కడికి, ఎవరు తీసుకుపోతారు? మిగిలినవాళ్లు ఎన్నాళ్లు ఏం పాటిస్తారు? ఏడాదికోసారి ఎలా తలుచుకుంటారు? ఒక్కో ప్రశ్న కింద పిల్లలు చెప్పిన వాడుకలన్నీ రాయండి, పక్కన మతం పేరు రాయకండి. మొదటి ప్రశ్న కింద ‘స్నానం’ అన్న మాట వస్తుంది. అది అన్ని మతాల నుంచీ వస్తుంది, ఎవరూ చెప్పకుండానే పిల్లలకు కనిపిస్తుంది. రెండో ప్రశ్న కింద పాడె, జనాజా, పెట్టె వస్తాయి, మోసేది దగ్గరివాళ్లే అన్న సంగతి వస్తుంది. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం ఒకరు చెప్తారు. మూడో ప్రశ్న కింద చిన్నదినం, పెద్దకర్మ, కాకికి ముద్ద పెట్టి అది ముట్టేదాకా ఎదురుచూడడం, జియారత్, ఆదరణ కూటం వస్తాయి. నాలుగో దాంట్లో మహాలయ అమావాస్య, పండక్కి పెద్దలకు కొత్తబట్టలు పెట్టడం, షబే బరాత్ రాత్రి ఖబ్రస్థాన్‌కు పోవడం, సమాధుల మీద కొవ్వొత్తులు. ఇవన్నీ బోర్డు మీదికి వచ్చాక, "ఒకే మతంలో రెండు రకాలుగా చేసేది ఏదైనా ఉందా? వేర్వేరు మతాల వాళ్లు ఒకే రకంగా చేసేది ఏదైనా ఉందా?" అని అడగాలి. పోలిక అంటే అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది. మొదటి పీరియడ్ చాలావరకు ఇదే. నమ్మకాల జోలికి ఆ రోజు పోకూడదు.

రెండో ప్రశ్న దగ్గర ఒక జాగ్రత్త ఉంది. దాన్ని ఏ సలహాదారూ చెప్పరు. "ఎవరు తీసుకుపోతారు?" అంటే, "డప్పు ఎవరు కొడతారు? గుంత ఎవరు తవ్వుతారు?" అన్న మాటలు వెంటనే వస్తాయి. క్లాసులో ఎవరో ఒకరు ఒక కులం పేరు చెప్తారు, ఆ కులం పిల్లలు తల వంచుకుంటారు. "అది మన సంస్కృతి, అందరూ కలిసి చేసే పని" అని సర్దేయమని కొందరు చెప్తారు. అది అబద్ధం. చావు డప్పూ గుంత తవ్వడమూ చాలా ఊళ్లలో ఒక కులం మీద బరువుగా పడ్డ చాకిరీ, చాలామంది యువకులు ఇప్పుడు దాన్ని కాదంటున్నారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, వాళ్లచేత శవాలు మోయించడాన్నీ గుంతలు తవ్వించడాన్నీ నేరాల జాబితాలో చేర్చింది. టీచరు ఆ సంగతిని గొంతు మార్చకుండా అక్కడే చెప్పాలి. "డప్పు ఒక కళ, దాన్ని కావాలని నేర్చుకుని వాయించడం గౌరవం, పుట్టుక చూసి బలవంతంగా వాయించమనడం నేరం." ఈ రెండు మాటలు చెప్పి ముందుకు పోవాలి. కులాల వారీగా బొందలగడ్డలు ఎందుకు వేరుగా ఉన్నాయన్న ప్రశ్న వస్తే అది కూడా న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి అంటరానితనం పాఠం రోజు వేరే పీరియడ్ కావాలి.

ఇక మూడో సలహా. "తెలిసిన చోటికి తీసుకుపోండి. పులివెందుల పిల్లలైతే ఇడుపులపాయ, ప్రొద్దుటూరు పిల్లలైతే పెన్న ఒడ్డున రామేశ్వరం శ్మశానం వైపు."

ఇడుపులపాయ సంగతి ముందు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. తమ సొంత ఎస్టేటులో క్రైస్తవ ప్రార్థనల మధ్య ఆయనను సమాధి చేశారు. పాఠానికి అది చాలా పనికొచ్చే ఉదాహరణే. సొంత నేలలో పూడ్చుకోవడం ఈ ప్రాంతపు రైతుల వాడుక, ప్రార్థన మతం వాడుక. రెండూ ఒకే చోట కలిశాయి. ఇంత మంచి ఉదాహరణే అయినా నేనైతే వాడను. మన ఊళ్లలో ఆ సమాధి పేరెత్తగానే పార్టీ పేరు వస్తుంది. పార్టీ పేరు వచ్చాక పిల్లలు ఇళ్లలో విన్న మాటలు మాట్లాడతారు, చావు గురించిన పాఠం ఎన్నికల గురించిన గొడవ అవుతుంది. సొంత చేన్లో సమాధి అనే సంగతి పేరులేని ఒక రైతు సమాధితోనూ చెప్పొచ్చు.

శ్మశానానికి పిల్లలను గుంపుగా తీసుకుపోవడం ఇంకా పొరపాటు. ఆ రోజు అక్కడ ఏదో ఇంటివాళ్లు ఏడుస్తూ ఉండొచ్చు. ఫోటోలు తీసుకునే వయసు పిల్లలది. కొన్ని ఇళ్లలో ఆడపిల్లలను శ్మశానానికి పోనివ్వరు, పంపితే తల్లిదండ్రులతో పేచీ, పంపకపోతే పాఠం మగపిల్లలకే. ఇవన్నీ ముందే తెలిసి కూడా తీసుకుపోవడానికి సరైన కారణం కనిపించదు.

ఇట్లా చెప్తే, "అయితే పాత చరిత్రతో మొదలుపెట్టండి, వేల ఏళ్ల కిందటివాళ్లు ఎవరికీ బంధువులు కారు" అని ఇంకో సలహా వస్తుంది. ఇందులో సగం నిజం. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. ఇసుక కింద నుంచి తవ్వి తీసిన జైన కట్టడాలు, శాసనాలు అక్కడివి. రాష్ట్రకూటుల కాలంలో అది పేరున్న జైన క్షేత్రం. అక్కడ దొరికిన వాటిలో నిషిధి రాళ్లు ఉన్నాయి. అంటే ఆహారం మానుకుని ప్రాణం వదిలిన జైనుల జ్ఞాపకంగా నిలిపిన రాళ్లు. చరిత్ర టీచరుకు చేయి ఆగదు, మన ఊరి పక్కనే ఇంత గొప్ప సాక్ష్యం అని చెప్పాలనిపిస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లల ముందు మాత్రం దీన్ని మొదటి ఉదాహరణగా పెట్టకండి. ఇట్లా ఆహారం మానుకునే సల్లేఖన వ్రతానికి గురువు అనుమతి, వయసు, తీరని జబ్బు లాంటి షరతులు చాలా ఉన్నాయి. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు దాన్ని ఆత్మహత్యతో సమానమన్నది, అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. పెద్ద న్యాయమూర్తులకే తేలని తేడాను మార్కులు తగ్గాయని రాత్రంతా ఏడ్చిన పిల్లకు ఒక పీరియడ్‌లో అర్థమయ్యేలా చెప్పడం కష్టం. ఆ పిల్ల మనసులో మిగిలేది "తానంతట తాను చావడం గొప్ప" అన్న ఒక్క మాటే కావచ్చు. ఆ ప్రమాదానికి సిద్ధపడేంత గొప్ప పాఠం ఏదీ లేదు. వీరుల కోసం నిలిపిన రాళ్లు, భర్తతో పాటు కాలిపోయిన ఆడవాళ్ల రాళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. వాటికీ ఇదే మాట.

మొదలుపెట్టడానికి వాటికన్నా మేలైనది ఒకటి మన జిల్లాలోనే దొరికింది. శంఖవరంలో ఇనుప యుగం నాటి సమాధి నుంచి వెలికితీసిన కాల్చిన మట్టి శవపేటిక అది. జంతువు ఆకారంలో ఉంటుంది, కింద వరసగా పొట్టి కాళ్లు. ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. దాని బొమ్మ ఒకటి అచ్చు తీసి చేతికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా అయిదు నిమిషాలు చూడనివ్వండి. "ఇది దేనికి?" అని అడగండి. తొట్టి అంటారు, బొమ్మ అంటారు, గాదె అంటారు. శవపేటిక అని చెప్పాక, "కాళ్లు ఎందుకు పెట్టినారు?" అని తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇవాళ జవాబు చెప్పగల మనిషి లేడు, చేసినవాళ్లు ఏమీ రాసి పెట్టలేదు. ఎక్కడికో నడిపించడానికి అని ఒకరంటారు, మట్టికి దూరంగా ఎత్తులో ఉంచడానికి అని ఒకరంటారు. చేసిన పని కళ్లకు కనిపిస్తుంది, దాని వెనక నమ్మకం ఏమిటో ఊహించాల్సిందే. ఆచారాన్ని చూసి నమ్మకాన్ని చెప్పేయడం ఎంత కష్టమో ఈ పేటిక దగ్గరే పిల్లలకు తెలుస్తుంది. రెండో రోజుకు ఇది చాలా అవసరం.

రెండో రోజు నమ్మకాల పాఠం. దీనికి రెండు రకాల తప్పు సలహాలు వస్తాయి. మొదటిది భయంతో కట్టేయమనే సలహా. "అపరిచితుడు సినిమాలో గరుడపురాణం శిక్షల ముక్క చూపించండి, క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది." ఉంటుంది, నిజమే. 2005లో వచ్చిన ఆ సినిమాను మన పిల్లలు టీవీలో లెక్కలేనన్ని సార్లు చూశారు, సలసల కాగే నూనె వాళ్లకు గుర్తే. నరకం లెక్క హిందూ పురాణాల్లోనే కాదు, ఖబరులో జరిగే శిక్ష గురించి ముస్లిం పిల్లలు విని ఉంటారు, అగ్నిగుండం గురించి క్రైస్తవ పిల్లలు విని ఉంటారు. తాగి తాగి లివరు చెడిపోయి చనిపోయిన నాన్న ఉన్న పిల్లోడికీ, ఉరేసుకున్న అక్క ఉన్న పిల్లకూ ఆ బొమ్మల్లో కనిపించేది తన వాళ్లే. ఇంట్లో ఎవరో ఒకరు "అట్లా పోయినోళ్లకు మోక్షం లేదు" అని అనే ఉంటారు. ఆ మాటను బడి కూడా బొమ్మతో చూపించి ఖాయం చేయకూడదు. శిక్ష గురించి ప్రశ్న వస్తే, ప్రతి మతంలోనూ తీర్పు మాట ఉందని, ప్రతి మతంలోనూ దయ, క్షమ మాట అంతకన్నా పెద్దగా చెప్పేవాళ్లు ఉన్నారని చెప్పి, ఎవరి శిక్షా వర్ణించకుండా ముగించాలి.

రెండో రకం సలహా దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. "చివరికి అన్ని మతాలూ ఒకటే చెప్తాయి, ఆత్మకు చావు లేదు అని చెప్పి ముగించండి, ఎవరికీ బాధ ఉండదు." ఇది వినడానికి మెత్తగా ఉంటుంది గానీ, క్లాసులో తెలివైన పిల్ల ఒకతె ఉంటే అక్కడికక్కడే పట్టుకుంటుంది. అన్ని మతాలూ ఒకటే చెప్పవు. ముస్లింల నమ్మకంలో చనిపోయిన మనిషి ప్రళయం దాకా బర్జఖ్‌లో ఉంటాడు, మళ్లీ ఈ లోకంలో పుట్టడు. క్రైస్తవుల నమ్మకంలో చివరి దినాన శరీరంతో సహా లేస్తాడు, అందుకే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. కర్మకాండ ప్రకారం చనిపోయినవాడు మొదటి పది రోజులు ప్రేతం, పిండాలతో మెల్లగా దేహం కూడుతుంది, పన్నెండో రోజు సపిండీకరణతో పితృదేవతల్లో కలుస్తాడు. ఆ ఇంట్లోనే మనవడు పుడితే "మా అబ్బే మళ్లీ వచ్చినాడు" అని అదే పేరు పెడతారు. పితృలోకంలో ఉన్నాడా, మనవడై వచ్చాడా, కాకి రూపంలో ముద్ద తిన్నాడా? మూడూ ఒకేసారి నమ్మే ఇళ్లు మన దగ్గర బోలెడు. దీన్ని తప్పు పట్టకండి, సరిదిద్దకండి. మనుషుల నమ్మకం గ్రంథంలో రాసినంత వరసగా ఉండదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. చావు తర్వాత ఏమీ లేదని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు, హేతువాదుల పేరుతో వాళ్లకూ బోర్డు మీద ఒక వరస ఇవ్వాలి. శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేవాళ్లను అక్కడ చెప్పొచ్చు.

ఇట్లా చెప్పాక ఎవరో ఒకరు అడిగే తీరతారు, "సార్, వీటిలో ఏది నిజం?" దీనికి "నీ మతం నీకు నిజం" అన్న జవాబు దాటవేత. "నాకు తెలియదు" అని టీచరు అంటే భక్తి గల ఇంటి పిల్లకు కష్టంగా ఉంటుంది. నేను చెప్పే జవాబు ఇది: "నాకు నా నమ్మకం ఉంది, అది ఇంట్లో మాట్లాడతాను. ఈ బడిలో నా పని ఎవరు ఏం నమ్ముతారో తప్పు లేకుండా చెప్పడం. ఏది నిజమో మీ ఇంటి పెద్దలను, మీ పంతులునో ఫాదర్‌నో హజ్రత్‌నో అడుగు, పెద్దయ్యాక నువ్వే ఆలోచించు." ఆ మాట చెప్పేటప్పుడు నవ్వకూడదు, తొందరపడకూడదు.

ఈ తేడానే చట్టం కూడా పట్టించుకుంది. "మతం మాట బడిలో ఎత్తితే కేసు అవుతుంది" అని భయపెట్టే హెడ్‌మాస్టర్లు ఉంటారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. మతాల గురించి సమాచారం చెప్పడం మతబోధన కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చెప్పొచ్చు. మంత్రం చదివించడం, ప్రార్థన చేయించడం, ఫాతిహా చదివించడం మాత్రం కుదరదు. పాఠానికి ముందు ఇంటికి ఒక చీటీ పంపండి. ఏ రోజు, ఏ నాలుగు ప్రశ్నలు, పిల్లల ఇంటి చావులు అడగబోమన్న హామీ, వద్దనుకుంటే లైబ్రరీలో కూర్చోవచ్చన్న మాట. నాలుగు వాక్యాలు చాలు. పాఠం రోజు సాయంత్రం ఎవరో తండ్రి వచ్చి గొడవపడే అవకాశం ఈ చీటీతోనే చాలావరకు తగ్గుతుంది.

"ఎవరైనా ఏడిస్తే వెంటనే మాట మార్చేయండి" అన్నది మరో తప్పు సలహా. మాట మారిస్తే, ఏడ్చిన పిల్ల క్లాసును పాడుచేసినట్టు అవుతుంది. పాఠం ఆపకుండా ఆ పిల్ల పక్కకు నడిచి మెల్లగా "బయటికి పోతావా, ఇక్కడే ఉంటావా?" అని అడగండి, ఏదంటే అది చేయనివ్వండి. ఒక స్నేహితురాలిని తోడు పంపండి. ఆ రోజు ఏడ్చినవాళ్లకన్నా ఎక్కువ గమనించాల్సింది ఏమీ మాట్లాడనివాళ్లను. తర్వాతి రెండు మూడు వారాల్లో అన్నం మానేయడం, బడికి రాకపోవడం, తన వస్తువులు స్నేహితులకు పంచిపెట్టడం, "నేను లేకపోతే బాగుంటుంది" లాంటి మాటలు నోట్సు చివర రాయడం కనిపిస్తే, ఆ పిల్లతో సూటిగా మాట్లాడండి. చావాలనిపిస్తోందా అని అడిగితే ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్న భయం వద్దు. అడగడమే సాయం. ఇంట్లోవాళ్లకు చెప్పండి, టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి. అది రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా మిగిలింది పరీక్ష. "మరణానంతరం మీ నమ్మకం ఏమిటి? అయిదు మార్కులు" అని ప్రశ్న పెట్టమనేవాళ్లు ఉన్నారు. నమ్మకానికి మార్కులు వేయడం అన్యాయం. పెట్టదగ్గ ప్రశ్న ఇట్లా ఉండాలి: ‘మీ ఊళ్లో చనిపోయినవాళ్లను సాగనంపే, తలుచుకునే రెండు ఆచారాలు రాయండి. వాటిలో ఒకే మతంలో ఇద్దరు వేర్వేరుగా పాటించే అంశం ఒకటి చెప్పండి.’ చెహ్లం చేసే ఇల్లు, చేయని ఇల్లు అని రాసినవాడికి నిండు మార్కులు. సొంత చేన్లో సమాధి కట్టి పండక్కి అక్కడే కొత్తబట్టలు పెట్టే ఇల్లు ఒకటి, దహనం చేసి అస్థికలను పుష్పగిరిలో కలిపి ఇంట్లో తద్దినం పెట్టే ఇల్లు ఒకటి అని రాసిన పిల్లకూ నిండు మార్కులు. ‘హిందువులు కాలుస్తారు, ముస్లింలు పూడుస్తారు’ అని రాసినవాడికి సగం మార్కులు వేసి, పక్కన "మన ఊళ్లో ఇంకోసారి చూసి రాయి" అని ఎర్ర పెన్నుతో రాసి ఇవ్వాలి.